Am చోట A7 వాయిస్తే

C, Am, Dm, G7. గిటార్ గానీ కీబోర్డ్ గానీ ఒకటి రెండేళ్లు సాధన చేసినవాళ్లకు ఈ నాలుగు కార్డులూ చూడకుండానే చేతికి వస్తాయి. కాలేజీ బ్యాండ్‌లో, చర్చి క్వయర్‌లో, పెళ్లి పందిట్లో ఆర్కెస్ట్రా వెనక, ఎక్కడ కూర్చున్నా ఈ వరస ఏదో ఒక పాటకు సరిపోతుంది. కార్డ్‌కి నాలుగు బీట్ల చొప్పున ఎంతసేపు తిప్పినా చెవికి ఎక్కడా తేడాగా తగలదు. కారణం తేలికే. ఈ నాలుగు కార్డుల్లో ఉన్న స్వరాలన్నీ C మేజర్ స్కేల్‌లోవే. C ని షడ్జమం అనుకుంటే మన లెక్కలో ఇవన్నీ శంకరాభరణం స్వరాలు. కీబోర్డ్ మీద ఒక్క నల్ల కీ కూడా నొక్కనక్కర్లేదు.

కొన్నాళ్లకు ఆ సాఫీతనమే చప్పగా అనిపిస్తుంది. అప్పుడు చాలామంది కొత్త కార్డుల కోసం వెతుకుతారు, కష్టమైన పేర్లున్నవి బట్టీపడతారు. నిజానికి ఉన్న వరసలోనే ఒకే ఒక్క స్వరాన్ని ఒక్క మెట్టు జరిపితే చాలు, పాట నడక మారిపోతుంది. మెట్టు అంటే ఇక్కడ గిటార్ మీద ఒక ఫ్రెట్, కీబోర్డ్ మీద నల్లవీ తెల్లవీ కలిపి లెక్కపెడితే పక్క కీ. జరపాల్సింది Am లోని C ని. దాన్ని C# చేసి, G ని కూడా చేర్చితే Am కాస్తా A7 అవుతుంది.

```
C | Am | Dm | G7 | C
C | A7 | Dm | G7 | C
```

రెండు వరసలూ ఒకదాని తర్వాత ఒకటి వాయించి చూడండి. మొదటి దాంట్లో Am తర్వాత Dm వచ్చినా, F వచ్చినా, మళ్లీ C వచ్చినా మనకు అభ్యంతరం ఉండదు. రెండో దాంట్లో A7 మోగగానే చెవి ఒకదాని కోసం ఎదురుచూడటం మొదలుపెడుతుంది. Dm వచ్చాకే ఆ ఎదురుచూపు తీరుతుంది. ఇలా స్కేల్‌లోని మరో కార్డ్ వైపు మనల్ని లాక్కెళ్లే సెవెంత్ కార్డ్‌నే సెకండరీ డామినెంట్ అంటారు.

గిటార్ వాయించేవాళ్లు దీన్ని ఒకే తీగ మీద చూడొచ్చు. కింద నుంచి రెండోది, B తీగ. మామూలు ఓపెన్ కార్డులు పట్టుకుంటే C లో ఆ తీగ మీద వేలు ఒకటో ఫ్రెట్‌లో ఉంటుంది, అది C స్వరం. Am కి వెళ్లినా వేలు అక్కడే ఉంటుంది. Dm కి మూడో ఫ్రెట్, అంటే D. G7 కి ఆ తీగ ఖాళీగా మోగుతుంది, అది B. మళ్లీ C కి ఒకటో ఫ్రెట్. ఇప్పుడు Am బదులు A7 పట్టుకోండి. వేలు రెండో ఫ్రెట్‌కి వస్తుంది. అంటే ఆ తీగ మీద ఒకటి, రెండు, మూడు అని వరసగా ఎక్కి D ని చేరుకుంటున్నారన్నమాట. C నుంచి D కి దూకే బదులు మధ్యలో C# మీద అడుగు వేశారు. ఆ ఒక్క తీగనే మీటుతూ కార్డులు మార్చి వినండి. మారిందంతా ఆ అడుగులోనే ఉంది.

లాగే శక్తి ఎక్కడిది

A7 కి ఈ లాగుడు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే ముందు వరసలోనే ఉన్న G7 ని చూడాలి. C స్కేల్‌లో G అయిదో స్వరం, మన పంచమం. దాని మీద కట్టిన సెవెంత్ కార్డ్ G7 డామినెంట్. అందులో G, B, D, F ఉంటాయి. వీటిలో అసలు పని చేసేవి B, F. ఆ రెంటి మధ్య దూరం ఆరు మెట్లు. పాశ్చాత్య సంగీతంలో ఈ దూరాన్ని ట్రైటోన్ అంటారు. ఈ రెండూ కలిసి మోగితే చెవికి స్థిమితం ఉండదు, ఎటో ఒకటు కదలాలనిపిస్తుంది. కదలడానికి దారి కూడా దగ్గర్లోనే ఉంది. B ఒక్క మెట్టు ఎక్కితే C. F ఒక్క మెట్టు దిగితే E. C, E రెండూ C కార్డ్‌లోని స్వరాలే. పైగా అడుగున బేస్ G నుంచి C కి వస్తుంది. ఈ మూడు కదలికలూ ఒకే క్షణంలో జరగడం వల్లే G7 తర్వాత C రాగానే పాట ఇంటికి చేరినట్టు ఉంటుంది.

సెకండరీ డామినెంట్ చేసేదల్లా ఇదే ఏర్పాటును అరువు తెచ్చుకోవడం. Dm ని కాసేపు ఇల్లు అనుకుందాం. D కి అయిదో స్వరం A. దాని మీద సెవెంత్ కార్డ్ A7, అంటే A, C#, E, G. ఇందులో ట్రైటోన్ C#, G ల మధ్య ఉంది. C# ఒక్క మెట్టు ఎక్కి D అవుతుంది. G రెండు మెట్లు దిగి F అవుతుంది. D, F రెండూ Dm లోనివే. Dm మైనర్ కార్డ్ కాబట్టి కిందికి దిగే అడుగు రెండు మెట్లదయింది. D మేజర్ అయితే G ఒక్క మెట్టే దిగి F# దగ్గర ఆగేది.

కీబోర్డ్ మీద ఈ పోలిక చేతి ఆకారంలోనే కనిపిస్తుంది. ఎడమ చేత్తో ప్రతి కార్డ్‌కీ దాని రూట్ మాత్రమే నొక్కండి. కుడి చేత్తో C కి G, C, E పట్టుకోండి. A7 కి G, A, C#, E. ముందున్న మూడు వేళ్లలో కదిలింది మధ్యది ఒక్కటే, దాని పక్కన A వచ్చి చేరింది. Dm కి F, A, D. అంటే G కిందికి దిగింది, A కదల్లేదు, C# పైకి, E కిందికి వచ్చి రెండూ D మీద కలిశాయి. ఇప్పుడు G7 కి F, G, B, D. అక్కడి నుంచి C కి E, G, C. ఇక్కడా అంతే: F దిగింది, G కదల్లేదు, B, D రెండు వైపుల నుంచీ వచ్చి C మీద కలిశాయి. A7 నుంచి Dm కి చెయ్యి చేసిన పని, G7 నుంచి C కి చేసిన పని ఒకటే, రెండు మెట్లు కింద. మైనర్, మేజర్ తేడా వల్ల ఒక వేలి దగ్గర మాత్రమే చిన్న మార్పు. ఈ నాలుగు పట్టులూ నెమ్మదిగా పది పదిహేనుసార్లు వాయిస్తే సెకండరీ డామినెంట్ సిద్ధాంతం వేళ్లకే అర్థమవుతుంది.

రాతలో దీన్ని V7/ii అని రాస్తారు. C స్కేల్‌లో Dm రెండో కార్డ్, మైనర్ కాబట్టి చిన్న అక్షరాల్లో ii. దాని అయిదో కార్డ్, సెవెంత్‌తో కలిపి, V7. గీతకు కుడివైపు ఉన్నది చేరాల్సిన చోటు, ఎడమవైపు ఉన్నది అక్కడికి చేర్చేది. ఈ రాత వల్ల లాభం ఏమిటంటే స్కేల్ మారినా ఇది మారదు. గాయని గొంతుకు C తగ్గలేదనుకోండి, G లో పాడుతుంది. అప్పుడు వరస G, Em, Am, D7. ఇందులో V7/ii అంటే E7, అంటే Em ని E7 చేయాలి. D లో అయితే D, Bm, Em, A7. అక్కడ Bm చోట B7. కీబోర్డ్‌లో ట్రాన్స్‌పోజ్ బటన్ ఉంది కదా అని అన్నీ C లోనే వాయించడం అలవాటైతే ఈ సంబంధం ఎప్పటికీ కళ్లకు కట్టదు. ఈ ఒక్క వరసనైనా మూడు నాలుగు స్కేళ్లలో బటన్ ముట్టుకోకుండా వాయించడం అవసరం.

మిగిలిన నాలుగు

Dm కి దొరికిన మర్యాద మిగతా కార్డులకూ దొరుకుతుంది. చేరాల్సిన కార్డ్ రూట్ నుంచి ఏడు మెట్లు పైకి లెక్కపెట్టండి. ఆగిన స్వరం మీద సెవెంత్ కార్డ్ కట్టండి. G కి వెళ్లాలంటే D7. Am కి వెళ్లాలంటే E7. Em కి B7. F కి C7. Dm తో కలిపి అయిదు. C స్కేల్‌లో B మీద వచ్చే ఏడో కార్డ్ డిమినిష్డ్. దానిలోనే ట్రైటోన్ ఉంది కాబట్టి అది తనంతట తానే నిలవదు. స్థిమితం లేని చోటును ఇల్లు అనుకోవడం కుదరదు. అందుకే దానికి సెకండరీ డామినెంట్ చెప్పరు.

లెక్క సరిగ్గా వచ్చిందో లేదో తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. మీరు కట్టిన సెవెంత్ కార్డ్‌లోని మూడో స్వరం, అంటే రూట్ నుంచి నాలుగు మెట్లు పైనున్నది, చేరాల్సిన కార్డ్ రూట్‌కి సరిగ్గా ఒక్క మెట్టు కింద ఉండాలి. E7 లో G#, దాని పై మెట్టు A. సరిపోయింది. B7 లో D#, పై మెట్టు E. అదీ సరిపోయింది. సరిపోకపోతే మీరు ఏడు మెట్లు పైకి కాక కిందికి లెక్కపెట్టి ఉంటారు. ఎక్కువమంది తప్పేది అక్కడే.

రెండో పొరపాటు కార్డ్ పేరు దగ్గర జరుగుతుంది. A7 వాయించాల్సిన చోట Amaj7 వాయిస్తారు. పేరులో ఏడు రెంటికీ ఉంది, కానీ Amaj7 లో G కి బదులు G# ఉంటుంది. C# నుంచి G# కి ఏడు మెట్లు, అది ట్రైటోన్ కాదు. అందుకే Amaj7 తీయగా, తేలుతున్నట్టు మోగుతుందే గానీ ఎటూ లాగదు. వాయించిన సెవెంత్ కార్డ్ తర్వాత ఎక్కడికీ వెళ్లకపోయినా హాయిగానే ఉందంటే, మీ వేలు G మీద లేదన్నమాట. ఇక సెవెంత్ స్వరం లేకుండా ఒట్టి A మేజర్ వాయిస్తే? పని జరుగుతుంది, ఎందుకంటే C# నుంచి D కి వెళ్లే అడుగు ఉంటుంది. లాగుడు మాత్రం కొంచెం మెత్తబడుతుంది. నెమ్మది పాటల్లో నాకు అదే నచ్చుతుంది.

అయిదింటిలో C7 తీరు వేరు. మిగతా నాలుగూ స్కేల్‌లోని మైనర్ కార్డ్‌నో, డిమినిష్డ్‌నో మేజర్‌గా మార్చి కట్టేవి. C7 మాత్రం ఇంటి కార్డ్‌కే Bb చేర్చి కట్టేది. కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లకు చెప్పాలంటే కాకలి నిషాదం ఉండాల్సిన చోట కైశికి నిషాదం వచ్చింది. అంతే, అప్పటిదాకా స్థిరంగా ఉన్న C ఇక నిలవలేక F వైపు జారుతుంది. హ్యాపీ బర్త్‌డే పాట మూడో వరసలో, పేరు పలికే చోట కార్డ్ F అవుతుంది. దానికి ముందున్న C ని C7 చేసి చూడండి. ఎవరి పుట్టినరోజుకైనా ఇది వెంటనే పనికొస్తుంది. బీథోవెన్ తన మొదటి సింఫనీకి ఇదే కార్డ్‌తో తెర తీశాడు. 1800 ఏప్రిల్ 2 న వియన్నాలో తొలిసారి వినిపించిన ఆ సింఫనీ C మేజర్‌లో ఉంది. కానీ మొదట మోగేది C కార్డ్ కాదు, C7. అది వెంటనే F కి వెళ్తుంది. ఇల్లు ఏదో శ్రోతకు తెలియకముందే ఇంట్లోంచి బయటికి లాగేశాడు.

ఈ అయిదు కార్డులూ బయటి నుంచి తెచ్చే స్వరాలను ఒకచోట రాసుకుంటే ఒక ముచ్చట కనిపిస్తుంది. A7 నుంచి C#, B7 నుంచి D#, F#, D7 నుంచి F#, E7 నుంచి G#, C7 నుంచి Bb. అంటే C స్కేల్ వదిలేసిన అయిదు నల్ల కీలూ వచ్చేశాయి. స్కేల్ మారకుండానే పన్నెండు స్వరాలూ చేతికి అందాయి. B7 ఒక్కటే రెండు కొత్త స్వరాలు తెస్తుంది కాబట్టి మిగతావాటికన్నా కటువుగా వినిపిస్తుంది. దాన్ని ఆఖరున నేర్చుకున్నా ఫర్వాలేదు.

స్కేల్ మారలేదని ఎలా చెప్పగలం అని కొందరికి సందేహం వస్తుంది. C# వచ్చింది కదా, D మైనర్‌కి వెళ్లిపోయినట్టు కాదా? కాదు. Dm మోగిన తర్వాతి కార్డ్ G7, ఆ తర్వాత C. అరువు తెచ్చిన C# వచ్చిన దారినే పోయింది, మళ్లీ మామూలు C వినిపించింది. పాట Dm దగ్గరే కూర్చుని, A7 నుంచి Dm కి పదే పదే వచ్చి, చరణం కూడా అక్కడే ముగిస్తే అప్పుడు స్కేల్ మారిందనాలి. ఒక్క బార్ సేపు తొంగిచూసి రావడం వేరు.

గొలుసు

ఇప్పుడు మన వరసకే మళ్లీ వద్దాం. A7 వల్ల Dm కి బలం వచ్చింది. Dm తర్వాత G7 ఉంది. మరి G7 కి కూడా ముందు ఒక డామినెంట్ పెడితే? దానికి D7 కావాలి. Dm ని D7 చేయడమంటే F ని ఒక్క మెట్టు ఎక్కించి F# చేసి, C చేర్చడమే.

```
C | A7 | D7 | G7 | C
```

ఇందులో A7 వాగ్దానం చేసిన చోటికి చేరుస్తుంది, కానీ చేరిన చోటు కూడా నిలవదు. అదీ సెవెంతే, అదీ ఇంకో చోటికి లాగుతుంది. చెవికి ఊపిరి తీసుకునే అవకాశం C వచ్చేదాకా దొరకదు. లోపల జరిగేది మళ్లీ గిటార్ మీదే బాగా తెలుస్తుంది. B తీగ మీద A7 కి రెండో ఫ్రెట్, D7 కి ఒకటో ఫ్రెట్, G7 కి ఖాళీ తీగ. C#, C, B అని మెట్టు మెట్టుగా దిగింది. కొస తీగ, అన్నిటికన్నా సన్నగా ఉండే E తీగ మీద D7 కి రెండో ఫ్రెట్, G7 కి ఒకటో ఫ్రెట్, C కి ఖాళీ. F#, F, E. అదీ దిగుతోంది. ట్రైటోన్ ఎక్కడా విడిపోకుండా మొత్తంగా ఒక్కో మెట్టు జారుతోందన్నమాట: C#, G ల జత, తర్వాత C, F# ల జత, తర్వాత B, F ల జత. ఆఖరున C వచ్చినప్పుడు మాత్రమే B పైకి, F కిందికి వెళ్లి ముడి విడిపోతుంది.

1925 లో అమెరికాలో వచ్చిన 'స్వీట్ జార్జియా బ్రౌన్' ఈ గొలుసు మీదే నడుస్తుంది. బెన్ బెర్నీ, మేసియో పింకార్డ్ పేర్లతో ఉన్న ఆ బాణీని C కి మార్చి రాసుకుంటే A7 నాలుగు బార్లు, D7 నాలుగు బార్లు, G7 నాలుగు బార్లు, ఆ తర్వాతే C. మొదటి పన్నెండు బార్లలో ఇల్లు కనిపించనే కనిపించదు. ఒక్కో డామినెంట్ మీద అంతసేపు నిలబెట్టడం వల్ల సోలో వాయించేవాళ్లకు దాని స్వరాలతో ఆడుకునే వ్యవధి దొరికింది. జాజ్ వాళ్లు ఆ పాటను వదలకుండా వాయిస్తూ రావడానికి అదొక కారణం అనుకుంటాను.

గొలుసు వాయించేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. అన్నీ సెవెంత్‌లే అయ్యేసరికి పాటకు పాత రాగ్‌టైమ్ వాసన వచ్చేస్తుంది. ఆ వాసన కావాలంటే సరే. మెలోడీ పాటకు అది నప్పదు. అక్కడ A7 ఉంచి, Dm ని Dm గానే వదిలేస్తే సరిపోతుంది. ఒక లాగుడు, ఒక విశ్రాంతి.

ఎక్కడ చెల్లదు

కార్డ్ ఎంత బాగున్నా పాడే స్వరంతో గొడవపడితే అది తప్పు కార్డే. A7 లో C# ఉంది. ఆ బార్‌లో గాయకుడు C మీద నిలిచి ఉంటే రెండు స్వరాలూ ఒక్క మెట్టు దూరంలో రాసుకుంటాయి. వినేవాళ్లకు అది కరుకుగా తగులుతుంది. గాయకుడికి అంతకన్నా ఇబ్బంది, తన శ్రుతి తప్పిందేమోనని గొంతు కొద్దిగా పైకి జరుపుతాడు. రిహార్సల్‌లో ఎప్పుడూ ఒకే చోట గొంతు అటూ ఇటూ అవుతుంటే గాయకుణ్ణి అనేముందు అక్కడ మీరు వేసిన కార్డ్ చూసుకోవాలి. అందుకే కార్డ్ మార్చే ముందు ఆ బార్‌లోని పాట స్వరాలను ఒక్కొక్కటే వాయించుకోండి. E, G, A లు ఉంటే A7 కి అభ్యంతరం లేదు. C పొడవుగా ఉంటే వద్దు. D7 పెట్టాలనుకున్న చోట F ఉందేమో, E7 చోట G ఉందేమో అలాగే చూడాలి.

C ఉన్నంతమాత్రాన A7 ని పూర్తిగా వదులుకోనక్కర్లేదు. బార్‌ని రెండుగా చీల్చండి. మొదటి రెండు బీట్లు Am, తర్వాతి రెండు A7.

```
C | Am A7 | Dm | G7 | C
```

చాలా పాటల్లో పొడవైన స్వరం బార్ మొదట్లోనే ఉంటుంది. రెండో సగానికి గొంతు అక్కడి నుంచి కదిలిపోతుంది. అప్పుడు C# కి చోటు దొరుకుతుంది. ఇంకో లాభమూ ఉంది. C, C#, D అనే ఎక్కుడు మరింత స్పష్టంగా, పాడినట్టుగా వినిపిస్తుంది. లాగుడు ఉండాల్సింది కూడా చేరబోయే కార్డ్‌కి ఆనుకునే కాబట్టి రెండో సగమే దానికి సరైన చోటు.

శ్రుతి పెట్టె మోగుతూ ఉన్న చోట ఈ కార్డులు మరీ ఇబ్బంది పెడతాయి. స, ప లు, అంటే C, G లు ఆగకుండా మోగుతుంటాయి. A7 లోని C# షడ్జమంతో, D7 లోని F# పంచమంతో, E7 లోని G# కూడా పంచమంతో తగువు పడతాయి. G7 లోని B కూడా C కి పక్క మెట్టే కదా అనొచ్చు. నిజమే, కానీ అది స్కేల్‌లోని నిషాదం, షడ్జమానికి చేరువగా దాన్ని వినడం మన చెవికి ముందే అలవాటు. అయిదింటిలో ఆ రెండు శ్రుతి స్వరాలనూ తనలో ఉంచుకున్నది C7 ఒక్కటే. కీర్తనకో, శ్రుతి మీద నడిచే భజనకో కీబోర్డ్ వాయించాల్సి వస్తే దాన్ని కూడా మితంగానే వాడాలి, ఎందుకంటే శంకరాభరణంలో లేని కైశికి నిషాదాన్ని అది తెచ్చిపెడుతుంది. రాగం స్వరూపం కార్డ్ కంటే ముఖ్యం.

మాట తప్పే కార్డ్

ఇంతవరకూ ప్రతి సెకండరీ డామినెంట్ తాను చూపించిన చోటికే చేర్చింది. ఎప్పుడూ అలాగే జరగాలని లేదు. E7 చూపించేది Am ని. కానీ E7 తర్వాత F వాయించి చూడండి.

```
C | E7 | F | G7 | C
```

చెవి Am కోసం చూస్తుంటే F వచ్చింది. ఆశ్చర్యమే గానీ తప్పుగా అనిపించదు. ముందు తేలికగా కనిపించే కారణం, Am లోని A, C రెండూ F లో కూడా ఉన్నాయి. ఎదురుచూసిన స్వరాలు దొరికాయి, వాటి కింద బేస్ మాత్రమే మారింది. 1971 లో వచ్చిన జాన్ లెనన్ 'ఇమాజిన్' పల్లవిలో ఇదే కదలిక ఉంది. F, G, C తర్వాత E7 వస్తుంది, అది Am కి వెళ్లకుండా మళ్లీ F కి తిరుగుతుంది. పియానో మీద అంత నెమ్మదిగా నడిచే పాటకు ఆ ఒక్క G# తో వేడి పుడుతుంది.

రెండో కారణం గిటార్ పట్టులో కనిపిస్తుంది. E కార్డ్‌లోని E, G#, B మూడూ ఒక్కో మెట్టు ఎక్కితే F, A, C అవుతాయి, అంటే F కార్డ్. సెవెంత్ స్వరం D మాత్రం కిందికి దిగి C లో కలుస్తుంది. ఓపెన్ E ఆకారాన్ని అలాగే ఒక ఫ్రెట్ జరిపి, ఒకటో ఫ్రెట్‌లో చూపుడు వేలితో బార్ వేస్తే F వచ్చేది ఇందుకే. బార్ కార్డ్ నేర్చుకున్న మొదటి రోజుల్లో అందరి చేతులూ ఈ కదలిక చేసే ఉంటాయి. ఇప్పుడు E కి బదులు E7 పట్టుకుని, C తర్వాత నాలుగు బీట్లు దాని మీద ఆగి, అప్పుడు F కి జరపండి. తర్వాతిసారి అదే E7 నుంచి Am కి వెళ్లండి. రెండు దారుల్లో ఏది ఎంచుకోవాలో పాటలోని తర్వాతి బార్ స్వరాలు చెబుతాయి: గొంతు E మీద ఉంటే Am, F మీద ఉంటే F.